ఎస్‌ఎంపీఎస్ ఫ్యాన్ తిరగడం లేదా? ఈ ఐదు సలహాలూ వినకండి

నూజివీడు చుట్టుపక్కల రసాలూ బంగినపల్లీ దిగే రోజుల్లోనే పెళ్లి ముహూర్తాలు కూడా ఎక్కువగా పడతాయి. ఏప్రిల్, మే నెలల్లో ఊళ్లో ఫొటో స్టూడియోల కంప్యూటర్లు పగలూ రాత్రీ నడుస్తూనే ఉంటాయి. పగలంతా ఆల్బమ్ డిజైనింగ్, రాత్రంతా పెళ్లి వీడియోల రెండరింగ్. సర్వీసు చేసేవాళ్లకు ఒకే ఫిర్యాదు పదేపదే వచ్చేది కూడా అప్పుడే: "అన్నా, కొత్త ఎస్‌ఎంపీఎస్ వేయించి నెల కాలేదు, ఫ్యాన్ అసలు తిరగట్లేదు."

బయట 42 డిగ్రీల ఎండ, పైన రేకుల కప్పు, లోపల ఆగిపోయిన ఫ్యాన్. ఎవరికైనా కంగారు పుడుతుంది. ఆ కంగారులో పక్క షాపతనో, తెలిసిన కుర్రాడో ఒక సలహా చెబుతాడు. ఆ సలహా వల్ల బాగున్న ఎస్‌ఎంపీఎస్ మూలన పడుతుంది, వేల రూపాయలు పోతాయి, ఒక్కోసారి చేతికి షాక్ కొడుతుంది. మన దగ్గర తరచుగా వినిపించే అలాంటి ఐదు సలహాలను ఇక్కడ ఒక్కొక్కటిగా తీసుకుంటున్నాను. ప్రతిదానిలో తప్పెక్కడుందో, బదులుగా ఏం చేయాలో చెబుతాను.

మొదటి తప్పు సలహా: "ఫ్యాన్ ఆగిందంటే ఎస్‌ఎంపీఎస్ పోయినట్టే, మార్చేయండి"

పాతకాలపు ఎస్‌ఎంపీఎస్‌ల విషయంలో ఈ మాట నిజమే. సిస్టమ్ ఆన్ చేసిన క్షణం నుంచి ఆఫ్ చేసేదాకా వాటి ఫ్యాన్ తిరుగుతూనే ఉండాలి. ఇప్పటికీ తక్కువ ధర రకాలు చాలావరకు అలాగే పనిచేస్తాయి. అయితే గోల్డ్, ప్లాటినం రేటింగులతో వచ్చే మంచి రకాల్లో చాలావాటిని కంపెనీలు సెమీ పాసివ్ పద్ధతిలో తయారు చేస్తున్నాయి. లోడ్ తక్కువగా ఉండి లోపల వేడి లేనప్పుడు ఫ్యాన్‌ను పూర్తిగా ఆపేసి, వేడి పెరిగాక తిప్పడం ఈ పద్ధతి. కోర్సెయిర్ దీన్ని జీరో ఆర్‌పీఎమ్ అంటుంది, సీసోనిక్ హైబ్రిడ్ మోడ్ అంటుంది, ఈవీజీఏ ఈకో మోడ్ అంటుంది. పేరు ఏదైనా పని ఒకటే.

ఫ్యాన్ ఆపేస్తే వేడి ఎలా పోతుందని అడుగుతారు. దానికి లెక్క వేసి చూడాలి. ఒక స్టూడియోలో 750 వాట్ల గోల్డ్ ఎస్‌ఎంపీఎస్ ఉందనుకుందాం. ఫొటోషాప్‌లో ఆల్బమ్ పేజీలు కూర్చేటప్పుడు ఆ సిస్టమ్ మొత్తం కలిపి సుమారు 90 వాట్లు తీసుకుంటుంది. అంటే ఎస్‌ఎంపీఎస్ సామర్థ్యంలో 12 శాతం. అంత తక్కువ లోడ్ దగ్గర దాని ఎఫీషియెన్సీ 88 శాతం అనుకుంటే, గోడ ప్లగ్గు నుంచి అది లాగేది 102 వాట్లు. తేడా 12 వాట్లే ఎస్‌ఎంపీఎస్ లోపల వేడిగా మారుతుంది. ఒక ఎల్ఈడీ బల్బుకు పట్టే కరెంటు అంత అన్నమాట. లోపలి హీట్‌సింకులు, బాడీ రేకు, వెనకాల జాలీ కలిసి ఆ కాస్త వేడిని ఫ్యాన్ అవసరం లేకుండానే బయటికి పంపేస్తాయి.

రాత్రి అదే సిస్టమ్‌లో రెండరింగ్ పెట్టారు. ప్రాసెసర్ 120 వాట్లు, గ్రాఫిక్స్ కార్డు 150 వాట్లు, మిగతావన్నీ కలిపి 40 వాట్లు, మొత్తం 310. సామర్థ్యంలో ఇది 41 శాతం. ఈ లోడ్ దగ్గర గోల్డ్ రకం ఎఫీషియెన్సీ 92 శాతం దాకా ఉంటుంది, అయినా లోపల పుట్టే వేడి 27 వాట్లు. పగటితో పోలిస్తే రెట్టింపు దాటింది. ఇప్పుడు ఫ్యాన్ తిరగాలి, తిరుగుతుంది కూడా. సీసోనిక్ ఫోకస్ జీఎక్స్ లాంటి రకాలకు హైబ్రిడ్ మోడ్‌లో ఇచ్చిన హద్దు, 25 డిగ్రీల గదిలో, సుమారు 30 శాతం లోడ్. 750 వాట్లలో అది 225 వాట్లు. పగటి 90 వాట్లు ఆ గీతకు చాలా కింద ఉన్నాయి, రాత్రి 310 వాట్లు గీత దాటాయి.

ఫ్రిజ్ మోటారు చప్పుడు కాసేపు వినపడకపోతే మెకానిక్‌ను పిలవం కదా, చల్లదనం సరిపోయినప్పుడు అది ఆగుతుందని మనకు తెలుసు. ఈ ఫ్యాన్ కూడా అంతే. కాబట్టి మార్చేయమని ఎవరన్నా అంటే ముందు పెట్టె మీదో, ఎస్‌ఎంపీఎస్ లేబుల్ మీదో, కంపెనీ మాన్యువల్‌లోనో హైబ్రిడ్, ఈకో, జీరో ఆర్‌పీఎమ్, జీరో ఫ్యాన్, సెమీ ఫ్యాన్‌లెస్ లాంటి మాట ఏదైనా ఉందేమో చూడండి. ఉంటే తక్కువ లోడ్‌లో ఫ్యాన్ ఆగి ఉండటం దాని సహజ గుణం. లేకపోతే మాత్రం అనుమానం సబబే, చివర్లో చెప్పిన పరీక్ష చేయండి.

రెండో తప్పు సలహా: "బయటికి తీసి క్లిప్ పెట్టి చూడు, ఫ్యాన్ తిరగకపోతే డెడ్"

సర్వీసు బల్లల మీద ఈ పరీక్ష ఎన్నో ఏళ్లుగా ఉంది. 24 పిన్నుల పెద్ద కనెక్టర్‌లో ఆకుపచ్చ వైరునూ పక్కనున్న నల్ల వైరునూ పేపర్ క్లిప్‌తో కలిపితే, మదర్‌బోర్డు లేకుండానే ఎస్‌ఎంపీఎస్ ఆన్ అవుతుంది. ఆకుపచ్చ వైరు వచ్చేది 16వ పిన్నులోకి. కొత్త రకాల్లో వైర్లన్నీ నల్లగా ఉంటాయి కాబట్టి అక్కడ పిన్ను స్థానం చూసే గుర్తుపట్టాలి.

పాత రకంలో క్లిప్ పెట్టగానే ఫ్యాన్ తిరిగేది, దాంతో బతికుందని తేల్చేవాళ్లు. సెమీ పాసివ్ రకంలో ఈ పరీక్ష పూర్తిగా తప్పుదారి పట్టిస్తుంది. క్లిప్ పెట్టినప్పుడు దాని మీద లోడ్ అసలు ఉండదు. లోడ్ లేదు కాబట్టి వేడి లేదు, వేడి లేదు కాబట్టి ఫ్యాన్ తిరగాల్సిన అవసరం లేదు. కొన్ని రకాల్లో ఆన్ అయిన క్షణంలో ఫ్యాన్ చిన్నగా కదిలి ఆగిపోతుంది. దాన్ని చూసి "తిరగబోయి ఆగిపోయింది, మోటారు జామ్" అంటారు. జామ్ కాదు, ఆ కదలిక అక్కడితో ఆగడమే దాని పద్ధతి.

బల్ల మీదే చూడాలనుకుంటే ఫ్యాన్‌ను వదిలేసి మల్టీమీటర్ తీసుకోండి. డీసీ వోల్టులలో పెట్టి, నల్ల ప్రోబు నల్ల వైరుకూ, ఎర్ర ప్రోబు పసుపు వైరుకూ తాకించండి. 11.4 నుంచి 12.6 మధ్య చూపించాలి. ఎర్ర వైరు దగ్గర 4.75 నుంచి 5.25 మధ్య రావాలి. వైర్లన్నీ నల్లగా ఉంటే ఇక్కడ కూడా పిన్ను స్థానం చూసే తాకించండి. ఈ అంకెలు వస్తే యూనిట్ ఆన్ అవుతోందనీ వోల్టేజీ సరిగా ఇస్తోందనీ తెలుస్తుంది. అయితే ఇది లోడ్ లేని పరీక్ష అని మరచిపోకండి. వోల్టేజీలు బాగున్నంత మాత్రాన ఫ్యాన్ బాగుందనీ కాదు, ఫ్యాన్ తిరగనంత మాత్రాన యూనిట్ పోయిందనీ కాదు. ఫ్యాన్ సంగతి తేలాలంటే సిస్టమ్‌లో పెట్టి లోడ్ ఇవ్వాల్సిందే.

మూడో తప్పు సలహా: "జాలీలోంచి స్క్రూడ్రైవర్ పెట్టి ఒక్క తోపు తొయ్యి, తిరుగుతుంది"

ఈ మాట విన్నప్పుడల్లా నాకు భయం వేస్తుంది. మంచి ఎస్‌ఎంపీఎస్ లోపల ఒక పెద్ద కెపాసిటర్ ఉంటుంది. మన 230 వోల్టుల కరెంటు లోపలి సర్క్యూట్‌లో మారి ఆ కెపాసిటర్ దగ్గర సుమారు 380 వోల్టుల డీసీ అవుతుంది. ప్లగ్గు పీకేశాక కూడా అది కొంతసేపు నిలవ ఉంటుంది. జాలీలోంచి దిగిన స్క్రూడ్రైవర్ ఫ్యాన్ రెక్కకు తగులుతుందో, పక్కనున్న హీట్‌సింకుకు తగులుతుందో ఎవరూ చెప్పలేరు. ఇనుప చువ్వ, పుల్ల, వేలు ఏదీ ఆ జాలీలోకి పోకూడదు. మూత విప్పి చూడటం ఇంకా ప్రమాదం, పైగా సీలు తెగితే వారంటీ పోతుంది.

ఇదే వరసలో మరో మాట వస్తుంది: "ఫ్యాన్ వైరు కోసి నేరుగా 12 వోల్టులకు కలిపేద్దాం, ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది." అలా చేస్తే ఫ్యాన్ పూర్తి వేగంతో రోజంతా అరుస్తుంది, బేరింగ్ త్వరగా అరుగుతుంది. మామిడి కమిషన్ షాపుల్లో దుమ్ముతోపాటు పెట్టెల్లో వేసే వరిగడ్డి నలుసులు గాలిలో ఉంటాయి. అక్కడైతే ఆగకుండా తిరిగే ఫ్యాన్ అదంతా లోపలికి లాగి పోగేస్తుంది. సెమీ పాసివ్ ఫ్యాన్ రోజులో ఎక్కువసేపు ఆగి ఉంటుంది కాబట్టి దుమ్ము తక్కువ లాగుతుంది. మన ఊళ్లో ఆ పద్ధతికున్న పెద్ద లాభాల్లో ఇదొకటి, దాన్ని చేతులారా పోగొట్టుకోకండి.

నాలుగో తప్పు సలహా: "మన ఎండలకు ఈ రకం పనికిరాదు, ఎప్పుడూ తిరిగేదే కొనుక్కోండి"

చూడ్డానికి ఇది తెలివైన సలహాలా ఉంటుంది. మే నెల మధ్యాహ్నం ఏసీ లేని గది 38 డిగ్రీలుంటే, క్యాబినెట్ లోపల ఇంకా ఎక్కువే ఉంటుంది. అలాంటిచోట ఫ్యాన్ ఆగి ఉంటే కాలిపోదా?

కాలిపోదు. ఎందుకంటే ఫ్యాన్‌ను నడిపే సర్క్యూట్ ఒక్క లోడ్‌నే చూడదు. లోపల హీట్‌సింకు దగ్గరో ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరో ఒక చిన్న థర్మిస్టర్ ఉంటుంది, అది వేడిని కనిపెడుతూ ఉంటుంది. కంపెనీ చెప్పిన 30 శాతం హద్దు 25 డిగ్రీల గదికి సంబంధించింది. గది 38 డిగ్రీలుంటే లోపలి భాగాలు త్వరగా వేడెక్కుతాయి, కాబట్టి అంతకంటే తక్కువ లోడ్‌కే ఫ్యాన్ మొదలవుతుంది. జనవరిలో ఆల్బమ్ పనికి కదలని ఫ్యాన్ అదే పనికి మే నెలలో మధ్యమధ్య తిరగొచ్చు. దాన్ని చూసి కొత్త జబ్బు వచ్చిందనుకోకండి, థర్మిస్టర్ తన పని తాను చేస్తోంది.

మొదలవడానికి ఒక వేడి, ఆగడానికి అంతకంటే తక్కువ వేడి పెట్టి ఉంటుంది. లేకపోతే హద్దు దగ్గర ఫ్యాన్ నిమిషానికి పదిసార్లు మొదలై ఆగుతుంది. అందుకే రెండరింగ్ అయిపోయిన తర్వాత కూడా ఫ్యాన్ కాసేపు తిరిగి నెమ్మదిగా ఆగుతుంది.

ఈ సలహాలో ఒక నిజం మాత్రం ఉంది, దాన్ని కాదనకూడదు. ఫ్యాన్ ఆగి ఉన్నంతసేపు లోపలి కెపాసిటర్లు కాస్త ఎక్కువ వేడిలో ఉంటాయి. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ ప్రతి 10 డిగ్రీలు చల్లగా ఉంటే సుమారు రెట్టింపు కాలం మన్నుతుందన్నది ఈ రంగంలో అందరూ వాడే లెక్క. మంచి రకాల్లో 105 డిగ్రీలకు తట్టుకునే కెపాసిటర్లు వేస్తారు కాబట్టి మామూలుగా ఇబ్బంది రాదు. మీ సిస్టమ్ రేకుల గదిలో, మూసిన బల్ల అరలో ఉండి తీరాల్సి వస్తే వేసవి రెండు నెలలూ ఫ్యాన్ ఎప్పుడూ తిరిగేలా పెట్టుకోవడం మంచిదే. దానికి కొత్తది కొనక్కర్లేదు. సీసోనిక్ హైబ్రిడ్ రకాల్లో, ఈవీజీఏ ఈకో రకాల్లో చాలావాటికి వెనకాల పవర్ స్విచ్ పక్కనే దీనికి ఒక బటనో స్విచ్చో ఉంటుంది. దాన్ని మార్చితే ఫ్యాన్ ఆగకుండా తిరుగుతుంది. ఏ వైపుంటే ఏ పద్ధతో మాన్యువల్‌లో చూసి నిర్ధారించుకోండి. కొన్ని రకాలకు ఇలాంటి స్విచ్ ఉండదు, వాటిని వాటి పద్ధతికే వదిలేయాలి.

ఐదో తప్పు సలహా: "సెమీ పాసివే కదా, ఫ్యాన్ ఎప్పుడు తిరగకపోయినా పర్వాలేదు"

కొత్తగా ఈ పద్ధతి గురించి విన్నవాళ్లు మరో చివరికి వెళ్లిపోతారు. ఇదీ ప్రమాదమే. తక్కువ లోడ్‌లో ఆగి ఉండటం సహజం, ఎక్కువ లోడ్‌లోనూ ఆగి ఉంటే అది లోపం. ఫ్యాన్ మోటారు పోవచ్చు, బేరింగ్ బిగుసుకుపోవచ్చు, లోపలికి వచ్చిన కేబుల్ టై చివర రెక్కకు అడ్డం పడొచ్చు. తేడా తేల్చాలంటే ఒక పరీక్ష చేయాలి. ఇంట్లోనే చేసుకోవచ్చు, మూత విప్పక్కర్లేదు.

ముందు టిష్యూ కాగితంలోంచి వేలెడు వెడల్పు, జానెడు పొడవున్న సన్నటి పట్టీ చింపండి. సిస్టమ్ వెనకాల ఎస్‌ఎంపీఎస్ జాలీ ముందు, లోపలికి దూర్చకుండా, పైనుంచి వేలాడేలా పట్టుకోండి. చాలా క్యాబినెట్లలో ఫ్యాన్ కింది వైపు తిరిగి ఉంటుంది, కంటికి కనపడదు. ఫ్యాన్ తిరుగుతుంటే గాలి వెనక జాలీలోంచి బయటికి వస్తుంది, పట్టీ మీ వైపు ఎగురుతుంది. ఆగి ఉంటే నిలువుగా వేలాడుతుంది. గదిలోని సీలింగ్ ఫ్యాన్ ఆపి చూడండి, లేకపోతే ఆ గాలికే పట్టీ కదిలి మోసం చేస్తుంది. చాలా గ్రాఫిక్స్ కార్డుల ఫ్యాన్లు కూడా తక్కువ లోడ్‌లో ఆగి లోడ్ పెరిగాక తిరుగుతాయి, వాటి చప్పుడును ఎస్‌ఎంపీఎస్ చప్పుడు అనుకోకండి.

ఇప్పుడు లోడ్ పెట్టండి. స్టూడియో వాళ్లయితే పెద్ద వీడియో ఒకటి రెండరింగ్‌కు పెడితే చాలు. అలాంటి పని లేనివాళ్లు `OCCT` అనే ప్రోగ్రామ్‌లో `Power` పరీక్ష నడపొచ్చు. ప్రాసెసర్‌నూ గ్రాఫిక్స్ కార్డునూ అది ఒకేసారి కష్టపెడుతుంది కాబట్టి, పక్కనే కూర్చుని చూస్తూ నడపండి. వదిలేసి వెళ్లకండి. పదిహేను, ఇరవై నిమిషాలు లోడ్ నిలబడాలి. కొన్ని క్షణాల లోడ్‌కు హీట్‌సింకులు వేడెక్కవు, కాబట్టి రెండు నిమిషాలు చూసి తీర్పు చెప్పొద్దు.

మొదట చెప్పిన 750 వాట్ల సిస్టమ్‌నే తీసుకుంటే, రెండరింగ్ మొదలయ్యాక 310 వాట్ల లోడ్ నిలబడుతుంది, నిమిషాలు గడిచేకొద్దీ లోపల వేడి పెరుగుతుంది. పట్టీ మెల్లగా ఊగి తర్వాత మీ వైపు నిలబడితే ఫ్యాన్ బాగున్నట్టే, చర్చ అక్కడితో ముగిసింది. ఇరవై నిమిషాలైనా పట్టీ కదలకుండా, జాలీ దగ్గర చెయ్యి పెట్టలేనంత వేడి తగులుతూ, కాలిన వాసన వస్తూ ఉంటే వెంటనే ఆపేయండి. లోడ్‌లో ఉన్నప్పుడు సిస్టమ్ ఒక్కసారిగా ఆగిపోయి, చల్లారాక మళ్లీ మామూలుగా ఆన్ అవుతుంటే, వేడి హద్దు దాటినందుకు ఎస్‌ఎంపీఎస్ తనను తాను కాపాడుకుంటోందని అనుమానించాలి.

లోడ్ సంగతి కూడా చూసుకోవాలి. మీ సిస్టమ్‌లో విడిగా గ్రాఫిక్స్ కార్డు లేకపోతే, అకౌంట్ల పనికి 750 వాట్లది పెట్టుకుని ఉంటే, ఎంత కష్టపెట్టినా 150 వాట్లు దాటకపోవచ్చు. అప్పుడు ఇరవై నిమిషాల్లోనూ ఫ్యాన్ తిరగకపోవడం సహజమే. జాలీ గోరువెచ్చగా ఉండి సిస్టమ్ ఆగకుండా నడుస్తుంటే దిగులక్కర్లేదు. అలాంటివాళ్లు వెనకాల హైబ్రిడ్ బటన్ ఉంటే దాన్ని మార్చి చూడండి. మార్చగానే పట్టీ ఎగిరిందంటే మోటారు బాగుంది. ఇదే అన్నిటికంటే తేలిక పరీక్ష. కోర్సెయిర్ ఏఎక్స్‌ఐ రకాల్లో ఇంకో సౌకర్యం ఉంది: సిస్టమ్‌కు కలపకుండానే నొక్కి ఎస్‌ఎంపీఎస్‌ను పరీక్షించే బటన్ ఒకటి వాటికి ఇచ్చారు.

సిస్టమ్ తనంతట తాను ఆగిపోయినప్పుడు కొందరు విండోస్‌లో `Event Viewer` తెరిచి `Kernel-Power 41` చూపించి ఎస్‌ఎంపీఎస్ పోయిందంటారు. సరిగా షట్‌డౌన్ చేయకుండా సిస్టమ్ ఆగిందని తప్ప ఆ వరస ఇంకేమీ చెప్పదు. యూపీఎస్ బ్యాటరీ బలహీనపడి కరెంటు పోయిన క్షణంలో సిస్టమ్ ఆగినా అదే వరస వస్తుంది. కాబట్టి ఆ సమయాన్ని కాగితం మీద రాసుకుని, అప్పుడు కరెంటు పోయిందో లేదో, సిస్టమ్ రెండరింగ్‌లో ఉందో ఖాళీగా ఉందో సరిచూడండి. లోడ్‌లో మాత్రమే, కరెంటు ఉండగానే ఆగుతుంటే అప్పుడు ఎస్‌ఎంపీఎస్ వైపు చూడాలి.

ఫ్యాన్ నిజంగా పోయిందని తేలితే విప్పకండి, బిల్లు తీసి వారంటీకి పంపండి. మంచి రకాలకు ఐదేళ్ల నుంచి పదేళ్ల దాకా వారంటీ ఉంటుంది. పంపేటప్పుడు "ఫ్యాన్ తిరగట్లేదు" అని మాత్రమే రాస్తే తక్కువ లోడ్‌లో ఆగడం మామూలేనని తిప్పి పంపొచ్చు. ఎంత లోడ్‌లో, ఎన్ని నిమిషాల తర్వాత కూడా తిరగలేదో, హైబ్రిడ్ బటన్ మార్చినా తిరగలేదనీ స్పష్టంగా రాయండి. పరీక్ష చేసేటప్పుడు ఫోన్‌లో తీసిన వీడియో ఉంటే ఇంకా మంచిది.

తక్కువ పనిలో చప్పుడు లేని ఫ్యాన్‌ను చూసి ఎస్‌ఎంపీఎస్ మార్చకండి. ఎక్కువ పనిలో కదలని ఫ్యాన్‌ను చూసి ఊరుకోకండి. ఎవరైనా మార్చమని చెబితే లోడ్ పెట్టి ఇరవై నిమిషాలు చూశారా అని ఒక్క ప్రశ్న అడగండి. చూడలేదంటే ఆ సలహాకు డబ్బు పెట్టొద్దు.